ఎర్ర సిరా పడని ఏడో కట్ట

ఏడో కట్టను కడగకుండా నేను దాచిపెట్టానని ఇష్రాక్ అత్తకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఉదయం తలుపు చప్పుడైనప్పుడు అంత నిదానంగా లేచి వెళ్ళేది కాదు.

ఖుర్తుబా నగరం తూర్పు పేటలో మా ఇల్లు. ఆడవాళ్ళం కూర్చుని ఖురాను ప్రతులు రాసే ఇల్లు. ఒకప్పుడు ఆ వీధిలో ఇంటికో కలం ఉండేదట. నేను వచ్చేనాటికి అత్తా, నేనూ మిగిలాం. ఆమె నాకు సొంత అత్త కాదు. పేటలో అందరూ అలాగే పిలుస్తారు. నది దిగువన మా పల్లెలో మసీదు గురువు దగ్గర చెక్క పలక మీద దిద్దిన అక్షరాలే నా చదువు. వాటిని చూసి నన్ను చేర్చుకుంది.

ఖురానుతో పాటు అప్పుడప్పుడు వేరే పుస్తకాలు కూడా వచ్చేవి. ముతర్రిఫ్ అనే వైద్యుడు వసంతంలో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. మా ఊరికి పెద్ద ఖాజీగా పనిచేసిన ముసలాయన రాసింది. అది రాస్తున్నన్ని రోజులూ నాకు నిద్ర తక్కువైంది. చూసి ఆలోచించమని దైవగ్రంథమే చెప్పింది, కాబట్టి ఆలోచించడం మన ఇష్టం కాదు, విధి అంటాడు ఆయన. ఆలోచించే పనిముట్టును మనకంటే ముందు గ్రీకులు చేశారా, మరొకరు చేశారా అని అడగక్కర్లేదట. బలి ఇచ్చే కత్తి పదునుగా ఉందా లేదా అని చూస్తాం గానీ, దాన్ని కొట్టిన కమ్మరి మతం అడగం కదా. రుజువైన సత్యానికీ, దిగివచ్చిన వాక్యానికీ పేచీ ఉండదు, ఎందుకంటే సత్యం సత్యానికి సాక్ష్యం చెబుతుందే గానీ ఎదురు తిరగదు. పైకి ఎదురుగా కనబడితే ఆ వాక్యానికి లోపలి అర్థం ఉందన్నమాట. దాన్ని భాష ఒప్పుకునే పద్ధతిలోనే తీయాలి. అదీ రుజువు తెలిసినవాళ్ళే తీయాలి, తీసినదాన్ని సంతలో చెప్పకూడదు, వింటే సామాన్యులకు పైమాట మీద కూడా నమ్మకం పోతుంది. వైద్యుడి మీద నమ్మకం పోగొట్టుకున్న రోగి మందూ తాగడు, పథ్యమూ చేయడు.

"నీకేం అర్థమైంది పిల్లా?" అని అడిగింది అత్త అప్పుడు.

"నాలాంటిదానికి చెప్పకూడదని అర్థమైంది" అన్నాను.

అత్త నవ్వి, "అయితే బాగానే అర్థమైంది" అంది.

ఎండాకాలంలో వైద్యుడు పెద్ద పుస్తకం తెచ్చాడు. నూరేళ్ళ కిందట తూర్పు దేశపు ఇమాం ఒకాయన తత్త్వవేత్తల మీద ఇరవై ప్రశ్నలు వేశాడు. పదిహేడు చోట్ల వాళ్ళది దారి తప్పిన మాట అన్నాడు, మూడు చోట్ల ఏకంగా అవిశ్వాసం అన్నాడు. లోకానికి మొదలు లేదనడం, అల్లాకు విడివిడి సంగతులు తెలియవనడం, చచ్చినవాళ్ళ దేహాలు లేవవనడం. ఈ మూడింటికీ శిక్ష మరణమే. ఆ ఇమాం పుస్తకాన్ని పేరా పేరాగా ఎత్తి రాసి, ప్రతి పేరా కింద మా ఖాజీ తన జవాబు రాశాడు. మేం రాస్తున్నది అది.

అలాంటి పుస్తకానికి ఎర్ర సిరా ప్రాణం. 'ఇమాం అన్నాడు' అన్న మాటా, 'నేనంటాను' అన్న మాటా ఎర్రగా ఉండాలి. మా ఇంటి పద్ధతిలో నల్ల రాత నాది, ఎర్రది అత్తది. నేను ఆ మాటలకు చోటు వదిలి రాసుకుంటూ పోతాను. పుస్తకమంతా అయ్యాక అత్త ఒకేసారి ఎరుపు కలిపి ఖాళీలు నింపుతుంది. మధ్యలో కలిపితే రంగు కట్టకో రకంగా వస్తుందని ఆమె పట్టుదల. పది ఆకుల కట్టలు పదకొండు పూర్తయ్యాయి. ఒక్క ఎర్ర మాట కూడా పడలేదు.

అప్పుడు శుక్రవారం పెద్ద మసీదులో ఖలీఫా ఆజ్ఞ చదివారు. ఖాజీని యూదులుండే ఊరికి వెళ్ళగొట్టారు. వైద్యం, లెక్కలు, నమాజు వేళలు తెలుసుకునే నక్షత్రశాస్త్రం తప్ప, తత్త్వం పుస్తకాలన్నీ నిప్పులో పడాలి. ఎవరింట్లో దొరికితే ఆ ఇంటి యజమానికి కూడా అదే గతి అన్నారు. వైద్యుడు అసలు ప్రతిని తీసుకుని ఆ సాయంత్రానికే ఊరు వదిలాడు. శనివారం పొద్దున్నే అత్త పెరట్లో తొట్టి నింపింది.

"కాల్చద్దు. పొగ వస్తే పొరుగు చూస్తుంది. మసి సిరా నీళ్ళలో పోతుంది, కడిగెయ్" అంది.

నేను కడిగాను. నాలుగు నెలల రాత. నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. పది కట్టలు కడిగి, పదకొండోది కూడా కడిగానని చెప్పాను. ఏడో కట్టను పైగదిలో ఖురాను ఆకులను అదిమే బరువుబల్ల కింద పెట్టాను. అందులో ఒక జవాబు ఉంది. అది నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైన రోజున కడుగుదామనుకున్నాను.

మంగళవారం వాళ్ళు వచ్చారు.

ముగ్గురు. రాజధాని నుంచి పంపిన పండితుడు యిద్దర్, మా పేట ధర్మశాస్త్రి ఖలఫ్, గుమ్మం దగ్గర ఒక సిపాయి. యిద్దర్‌కు ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. కొండ మనిషి. మా భాషను మాకంటే శుభ్రంగా మాట్లాడతాడు, పుస్తకంలోంచి నేర్చుకున్నవాళ్ళలాగా. ఖలఫ్ గారిని పేటలో అందరూ ఏళ్ళ తరబడి ఎరుగుదురు. పెళ్ళిళ్ళు చేయిస్తాడు, ఊరగాయ ఆలివులు అడిగి పట్టుకెళ్తాడు.

"ఏం ఇష్రాకమ్మా, ఆలివులు ఊరాయా?" అన్నాడు లోపలికి వస్తూనే.

"ఇంకా చేదు వదల్లేదు ఖలఫ్ గారూ. మీరు మాత్రం ముందే వచ్చారు."

"నేను రాలేదు తల్లీ, తెచ్చారు" అని కళ్ళతో పండితుణ్ణి చూపించాడు.

యిద్దర్ నవ్వలేదు. "అమ్మా, మీ ఇంట్లో దైవగ్రంథం తప్ప వేరే రాతలున్నాయా?"

"లేవు బాబూ" అంది అత్త. ఆమె నిజమే చెబుతున్నాననుకుంది.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. సిపాయి కింద గదులు చూశాడు, పిండి జాడీలో చెయ్యి పెట్టాడు. యిద్దర్ మాత్రం మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళాడు. పుస్తకాలు ఎక్కడ ఆరబెడతారో తెలిసినవాడు. బరువుబల్ల ఎత్తిన చప్పుడు నాకు వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో అత్త నా వైపు తిరిగింది. నా ముఖం చూసి అంతా తెలుసుకుంది. ముసుగు అంచును నోట్లో కరిచి పట్టుకుంది, అంతే.

ఆయన కిందికి దిగి వచ్చి కట్టను కిటికీ వెలుగులో తెరిచాడు.

"ఇది ఎవరి చేతి రాత?"

"నాది" అంది అత్త. నేను నోరు తెరిచేలోపే.

ఆయన ఒక చోట వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. సూర్యగ్రహణం గురించి. గ్రహణం పట్టకముందు 'పడుతుంది' అని ఒక ఎరుక, పట్టినప్పుడు 'పట్టింది' అని మరొకటి, విడిచాక 'పట్టి విడిచింది' అని ఇంకొకటి. మూడూ ఒకటి కావు. విడిచిపోయాక కూడా 'పట్టి ఉంది' అనుకుంటే అది ఎరుక కాదు, పొరపాటు. ఎరుక మారితే ఎరిగినవాడూ మారినట్టే. అల్లాలో మార్పు లేదు. అందువల్ల ఆయన గ్రహణాల నియమాన్ని ఎరుగునే గానీ, ఈ గ్రహణం ఇప్పుడు పట్టిందని ఎరుగును అనరాదు.

చదవడం ఆపి ఆయన తలెత్తాడు. ఆకు మీంచి వేలు తీయలేదు. కోపమో, భయమో తెలియలేదు.

"వింటున్నారా ఖలఫ్ గారూ? ఇది అవిశ్వాసం. నోటితో అన్నవాడు కాఫిరు. ఇంట్లో ఉంచుకున్నవాళ్ళ సంగతి మీకు తెలుసు. ఇమాం చెప్పిన మూడింటిలో రెండోది ఇదే. నేను సాక్షి, మీరు సాక్షి."

ఖలఫ్ గారు గడ్డం నిమురుకున్నాడు. "సాక్షినే బాబూ. విన్నాను" అన్నాడు మెల్లగా.

"అమ్మా, ఇది కోటలో చెప్పుకోవాలి మీరు. చెప్పులు వేసుకోండి."

అరవయ్యేళ్ళ అత్త గోడ పట్టుకుని చెప్పుల కోసం వంగింది. కోటకు వెళ్ళినవాళ్ళలో వెనక్కి వచ్చినవాళ్ళను నేను చూడలేదు. ఆ వంగిన వీపు చూసేసరికి నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యా, మీరు చదివింది ఖాజీ గారి మాట కాదు" అన్నాను.

ఆయన నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు. "మరి?"

"ఇమాం గారి మాట."

అత్త వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"ఎవరి ఎదుట ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుసయ్యా. ఇమాం గారు ఎదుటివాళ్ళ వాదాన్ని ముందు తానే చెబుతారు. వాళ్ళకంటే బాగా చెబుతారు. ఆ తర్వాత విరుస్తారు. మీరు చదివింది ఆ ముందు భాగం. పైన ఎర్ర సిరా మాట పడాలి, పడలేదు. అందుకని..."

"అందుకని నేను ఇమాం మాటను అవిశ్వాసమన్నాను అంటావు."

నేను పైన వదిలిన ఖాళీని వేలితో చూపించాను.

ఖలఫ్ గారు ముందుకు వంగి ఆకు చూశాడు. ఆయనకు భయం వేస్తే హాస్యం పెరుగుతుంది. "అయితే బాబూ, ఆ ఇమాం గారినీ ఊరు దాటిద్దామా? మా తాతల కాలంలో ఆ ముచ్చటా అయిందిలెండి. అప్పటి పాలకులు పెద్ద మసీదు ముంగిట ఆయన పుస్తకాలకే నిప్పు పెట్టారు. మా తాత ఈ ఇరవై ప్రశ్నల పుస్తకాన్ని ధాన్యం గాదెలో దాచాడు. ఇప్పుడాయన పుస్తకం ప్రమాణం, వేరేవాళ్ళది చెత్త. నిప్పు మాత్రం అదే."

"హాస్యం కాదిది" అన్నాడు యిద్దర్. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పుస్తకం ఇప్పుడుందా మీ దగ్గర?"

"ఉంది. ఇప్పుడు ఉండవచ్చు కదా."

"తెప్పించండి. ఈ పిల్ల అబద్ధం ఇక్కడే తేలాలి. అబద్ధమైతే ఇద్దరూ కోటకు వస్తారు."

సిపాయి పక్కవీధికి వెళ్ళి పుస్తకం తెచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు. నేను గోడ మీద సున్నం పెచ్చులు లెక్కపెట్టాను. నా మాట నిజమే, కానీ ఆ నిజం ఎక్కడిదాకా నడుస్తుందో నాకు తెలుసు. తొమ్మిదో ఆకు రెండో వైపు సగం దాకా. అక్కడి నుంచి ఖాజీ జవాబు మొదలవుతుంది. సరిచూపు అక్కడిదాకా వస్తే, నేను అత్తను కాపాడటానికి తెరిచిన నోరే ఆమెను పట్టించినట్టవుతుంది.

అత్త దానిమ్మ రసం తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. ఖలఫ్ గారు తాగాడు. యిద్దర్ తాగలేదు.

"బాబూ, ఒక మాట అడగనా?" అంది అత్త. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె ఊరుకుంటే బాగుండునని అల్లాను వేడుకున్నాను. "ఆ మూడు మాటల్లో వాళ్ళు అందరూ ఒప్పుకున్నదాన్ని కాదన్నారు కాబట్టి కాఫిర్లు అంటారు కదా. అందరూ ఒప్పుకున్నారని ఎలా తెలుస్తుంది?"

"పెద్దలందరి మాటా మన దాకా వచ్చింది కాబట్టి."

"నమాజు ఎలా చేయాలో వచ్చింది. అది అందరికీ చెప్పే సంగతి. లోపలి అర్థాలను అందరికీ చెప్పకూడదని ఆ పెద్దలే అన్నారట కదా. చెప్పనివాళ్ళ మనసులో ఏముందో లెక్కపెట్టి, అందరూ ఒప్పుకున్నారని ఎలా తేల్చారో, చదువురానిదాన్ని, నాకు తెలియక అడుగుతున్నాను."

యిద్దర్ ఆమె వైపు తిరిగాడు. "ఇది మీ సొంత ప్రశ్న కాదు."

"నా సొంతమేముంది బాబూ. ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకళ్ళ మాటలే రాస్తున్నాను."

"ఇమాం గారే మరో చోట అన్నారు" అంటూ ఖలఫ్ గారు అందుకున్నాడు, "కాఫిరు అనే మాట నాలుక మీదికి వచ్చినా ఆపుకోవాలని, అర్థం తీసేవాడి మీద ఆ ముద్ర తొందరపడి వేయకూడదని..."

"నాకు తెలుసు ఆయన ఏమన్నారో!" అని యిద్దర్ అరిచాడు. ఖలఫ్ గారు నోరు మూసుకుని గిన్నెలోకి చూశాడు. ఆ అరుపులో నాకు మొదటిసారి తెలిసింది, ఆయన కూడా భయపడుతున్నాడని. ఎవరికో నాకు తెలియదు. ఆయన్ను పంపినవాళ్ళకు కావచ్చు.

పుస్తకం వచ్చింది. పాత తోలు అట్ట. ఒక ప్రతిని ఇంకో ప్రతితో సరిచూసుకోవడం మా ఇంట్లో రోజూ జరిగేదే. ఒకరు పైకి చదువుతారు, ఒకరు వేలు పెట్టి చూస్తారు. సరిపోయిన ప్రతి వాక్యం చివర ఉన్న సున్నాలో ఒక చుక్క పెడతారు. చుక్క పడని సున్నా అంటే ఇంకా ఎవరూ చూడని వాక్యం. సరిచూడని ప్రతిని ఏ గురువూ ప్రతి అనడు.

"నేను చదువుతాను. నువ్వు వేలు పెట్టు. నీ కలంతో చుక్క పెట్టు" అన్నాడు యిద్దర్.

కలం సిరాలో ముంచి ఆకు మీద వేలు పెట్టాను. ఆయన చదివాడు. గ్రహణం, మూడు ఎరుకలు. అక్షరం తేడా లేదు. చుక్క. ఎరుక మారితే ఎరిగినవాడు మారినట్టే. చుక్క. తాను అవిశ్వాసమన్న వాక్యం ఇమాం పుస్తకంలోంచి తన నోటితోనే వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గింది గానీ ఆగలేదు. ఖలఫ్ గారు నేల చూశాడు.

ఆ తర్వాత ఇమాం విరుపు వచ్చింది. ఈ వాదం నిలిస్తే ఒక మనిషి విధేయుడో ద్రోహియో అల్లాకు తెలియనట్టే, ప్రవక్త తన మాట చెప్పిన ఆ రోజు కూడా ఆయనకు తెలియనట్టే. ఇక ధర్మానికి వేళ్ళే మిగలవు. చుక్క. ఎరుక ఒకటే కావచ్చు, మారేది దాని సంబంధం మాత్రమే. నీ కుడివైపు కూర్చున్నవాడు లేచి ముందుకు వచ్చి, అక్కణ్ణించి ఎడమవైపు వెళ్ళి కూర్చుంటే, మారింది వాడు, నువ్వు కాదు. చుక్క. యిద్దర్ ముఖం తేటపడింది. ఆ కుడి ఎడమల పోలిక చదువుతూ తలూపాడు కూడా. నిజంగా చదువును ప్రేమించేవాడు అలా ఊపుతాడు.

నేను తొమ్మిదో ఆకు తిప్పాను.

ఆయన ఇంకో నాలుగు పంక్తులు చదివాడు. నాలుగు చుక్కలు. అయిదోది చదివాడు. నా వేలు కదల్లేదు. పంక్తి మధ్యలో వేలెడంత ఖాళీ, ఎర్ర మాట కోసం నేనే వదిలిన చోటు. దాని అవతల ఉన్నది ఆయన చదువుతున్నది కాదు.

"ఆగిపోయావేం?"

"ఇక్కడితో ఇమాం గారు అయిపోయారయ్యా."

ఆయన పుస్తకం మూసి, కట్టను నా చేతుల్లోంచి తీసుకున్నాడు. ఖాళీ తర్వాత ఉన్నదాన్ని లోలోపల చదివాడు. పెదాలు కదలడం చూశాను. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఇద్దరూ ఒకే పొరపాటుతో మొదలుపెట్టారంటాడు ఖాజీ. అల్లా ఎరుకను మన ఎరుకతో పోల్చడమే ఆ పొరపాటు. మన ఎరుక వస్తువుల నుంచి పుడుతుంది, అందుకని వాటితో మారుతుంది. ఆయన ఎరుక నుంచి వస్తువులు పుడతాయి. కారణాన్ని కార్యంలాగా కొలవకూడదు. అది విడి సంగతుల ఎరుకా కాదు, నియమాల ఎరుకా కాదు, మనకు తెలిసిన ఏ రకమూ కాదు. రాబోయే ఒక్కొక్క సంగతిని కలలో ముందే చెప్పే హెచ్చరిక ఆయన నుంచే వస్తుందని తత్త్వవేత్తలే నమ్ముతారు. అలాంటప్పుడు ఆయనకు విడి సంగతులు తెలియవని వాళ్ళు అన్నారనడం ఎలా కుదురుతుంది?

ఆయన ఆకు తిప్పాడు. పదో ఆకు చివరికి వచ్చాడు. వాక్యం సగంలో తెగిపోయింది. మిగతాది ఎనిమిదో కట్టలో ఉండేది. ఎనిమిదో కట్ట తొట్టి నీళ్ళయింది.

ఆయన మళ్ళీ వెనక్కి తిప్పి ఖాళీ దగ్గర నుంచి చదివాడు.

"చించేద్దామా?" అన్నాడు ఖలఫ్ గారు మెల్లగా. "ఖాజీది కాల్చి, ఇమాం గారిది ఉంచితే..."

యిద్దర్ తొమ్మిదో ఆకును వెలుగులోకి ఎత్తాడు. ఒక వైపు ఇమాం, రెండో వైపు సగం ఇమాం, సగం ఖాజీ. కత్తి పెట్టడానికి చోటు లేదు. పదో ఆకును లాగితే, దానికి జోడుగా మడిచిన మొదటి ఆకు ఊడి వస్తుంది. దాని మీద ఉన్నది ఇమాం మాటలే, వాటి మధ్యలో దైవవాక్యాలు రెండు. పుస్తకాలు ఎరిగినవాడు కాబట్టి ఆయనకు నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ఇది రాసింది మీరు కాదు" అన్నాడు అత్తతో. "చుక్క పెట్టిన చెయ్యీ, ఈ చెయ్యీ ఒకటే." నా వైపు తిరిగాడు. "ఎందుకు దాచావు?"

"అత్త కడగమంది. పది కట్టలు కడిగాను. ఇది ఉన్నట్టు ఆమెకు తెలియదు. ఆమెను వదిలెయ్యండయ్యా."

"ఎందుకు దాచావని అడిగాను."

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమో అని వెదికాను. దొరకలేదు. "జవాబు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుగుదామని."

"మీ ఖాజీయే అన్నాడు, ఇలాంటివి నీలాంటివాళ్ళ చేతికి రాకూడదని. వచ్చి పాడైతే ఆ పాపం వాళ్ళకు అందించినవాళ్ళదని."

"అన్నారు. అదీ నేనే రాశాను." నేను కట్ట వైపు చూశాను. "నీళ్ళు గొంతుకు అడ్డుపడి ఒకడు చచ్చాడని దాహమైనవాళ్ళకు నీళ్ళు ఆపకూడదనీ అన్నారు. అది కూడా రాశాను. రెండింటిలో నాది ఏదో నాకు తెలియదయ్యా."

ఖలఫ్ గారు దగ్గాడు. యిద్దర్ ఆయన వైపు చూశాడు. ఇద్దరి మధ్యా ఏదో నడిచింది. యిద్దర్ ఇమాం మాటను అవిశ్వాసమన్నాడనడానికి ఖలఫ్ సాక్షి. తానే పిలిచి పెట్టుకున్న సాక్షి. మేం కోటకు వెళితే అక్కడ మొదట పలకవలసింది ఆ మాటే. ఖలఫ్ గారు ఒక్క ముక్క అనకుండా, చాలా మర్యాదగా, తన పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"ధర్మం తేల్చేవాడు శ్రమపడి పొరబడినా ఒక పుణ్యం ఉంటుంది బాబూ" అన్నాడు. "ఎర్ర సిరా లేని ఆకు ఎవర్నైనా పొరబడేలా చేస్తుంది."

యిద్దర్ సిపాయిని పిలిచాడు. "రాసుకో. తూర్పు పేట, ఖురాను రాసేవాళ్ళ ఇల్లు. ఇమాం గ్రంథం నుంచి తెగిన కట్ట ఒకటి. సరిచూపు పూర్తికాలేదు. ప్రతిగా చెల్లదు. మా కళ్ళ ముందు కడిగించాం. వేరే ఏమీ దొరకలేదు."

అత్త మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. చెప్పుల్లో ఒకటి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

పెరట్లో తొట్టి దగ్గర నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఖలఫ్ గారూ సిపాయీ వీధి గుమ్మం దగ్గర నిలబడ్డారు. యిద్దర్ నా వెనక నిలబడ్డాడు. మొదటి ఆకు ముంచాను. చుక్కలు ముందు పోయాయి, అవి ఇంకా తడి ఆరలేదు. తర్వాత గ్రహణం పోయింది, కుడివైపు మనిషి పోయాడు, ఎడమవైపు మనిషి పోయాడు. తొమ్మిదో ఆకు ముంచినప్పుడు ఇద్దరి మాటలూ ఒకే బూడిద మబ్బుగా నీళ్ళలోకి దిగాయి.

పదో ఆకు నా చేతిలో ఉండగా ఆయన వంగాడు, ఆకు శుభ్రంగా కడిగానో లేదో చూస్తున్నట్టు. గుమ్మం దగ్గరివాళ్ళకు వినబడనంత మెల్లగా అడిగాడు.

"ఆ వాక్యం... కారణాన్ని కార్యంతో కొలిచినవాడు ఎక్కడ తప్పుతాడో చెప్పబోయి ఆగిపోయింది. తర్వాత కట్టలో ఏముంది? నీకు గుర్తుండే ఉంటుంది."

నాకు గుర్తుంది. ఎనిమిదో కట్ట మొదటి పంక్తి నుంచి, ఎర్ర మాటలకు వదిలిన చోట్లతో సహా గుర్తుంది. నా జీవితంలో ఎవరూ నన్ను అలా అడగలేదు, దాహంతో ఉన్నవాడు అడిగినట్టు. లేక నాలుక మీద ఉన్నదాన్ని కక్కించడానికి అడిగినట్టా? ఆయన ముఖం నీళ్ళలో కనబడుతోంది, కానీ ఆ నీళ్ళు మురికిగా ఉన్నాయి. తల తిప్పి చూసే ధైర్యం నాకు లేదు. ఇంట్లో అత్త నేల మీద కూర్చుని ఉంది. నేను ఒక్క వాక్యం చెబితే, ఆ వాక్యం మా ఇంట్లో ఇంకా ఉందన్నమాట.

"గుర్తు లేదయ్యా" అన్నాను. "చేత్తో రాస్తాం, బుర్రలో ఉండదు."

ఆయన కాసేపు కదల్లేదు. ఇంకొకసారి అడుగుతాడేమోనని ఆకును నీళ్ళలోకి నొక్కి పట్టాను. ఇంకొకసారి అడిగితే చెప్పేసేదాన్నేమో.

"సరే" అన్నాడు. ఇంకేమీ అనకుండా గుమ్మం వైపు నడిచాడు.

తలుపు మూసుకున్న చప్పుడయ్యాక కూడా నేను ఆకును నీళ్ళలోంచి తీయలేదు. లోపలి నుంచి అత్త పిలిచింది, ఒకసారి, రెండుసార్లు. కోపంగా ఉందో, ఏడుస్తోందో తెలియలేదు. చేతులు తొట్టిలోనే ఉంచి, ఎనిమిదో కట్టను మొదటి నుంచి లోలోపల చెప్పుకోవడం మొదలుపెట్టాను, పెదాలు కదలకుండా.